వరండాలో కొట్లాట, కాగితం మీద క్రియాపదం

బడి వరండాలో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నాక, చూసిన టీచర్ హెడ్‌మాస్టర్‌కి రాసిచ్చే కాగితంలో ముందుగా చెడేది క్రియాపదమే. ‘దాడి చేశాడు’, ‘రెచ్చగొట్టాడు’, ‘తిరగబడ్డాడు’ అనే మాటలు ఏం జరిగిందో చెప్పవు, తప్పు ఎవరిదో చెబుతాయి. దాడి అన్నామంటే మొదట చెయ్యెత్తింది అతనేనని అర్థం. తిరగబడ్డాడంటే రెండోవాడే మొదలుపెట్టాడని అర్థం. విచారణ చేసి తేల్చాల్సింది ఆ ఒక్క మాటలోనే తేలిపోతుంది. ‘కాలర్ పట్టుకున్నాడు’, ‘పిడికిలితో చెంప మీద రెండుసార్లు కొట్టాడు’ అనే మాటలకు ఆ దోషం లేదు. తటస్థంగా రాయడమంటే తప్పును ఇద్దరికీ సగం సగం పంచడం కాదనీ, ఎక్కడ నిలబడి ఎంతవరకు చూశామో చెప్పి అక్కడితో ఆగడమనీ నా వాదన.

మాట మారితే జ్ఞాపకమూ మారుతుందని 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. కార్లు గుద్దుకునే దృశ్యం చూపి, ఒక క్రియాపదం మాత్రం మార్చి, వేగం ఎంతుంటుందని విద్యార్థులను అడిగారు. ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అని అడిగితే సగటున గంటకు 41 మైళ్ల దాకా, ‘తగిలినప్పుడు’ అని అడిగితే 32 మైళ్ల దాకా చెప్పారు. మరో ప్రయోగంలో వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అని అడిగారు. సినిమాలో గాజు పగలనే లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలు మాట విన్న 50 మందిలో ఏడుగురే. కార్ల సినిమా, వరండా కొట్లాట ఒకటి కావు, నిజమే. కానీ ‘వాడు నీమీద దాడి చేసినప్పుడు నువ్వేం చేశావు’ అని పిల్లాణ్ని అడిగే ముందు ఈ గాజు పెంకులు గుర్తుకు రావాలి.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. మధ్యాహ్నం బెల్ కొట్టాక తొమ్మిదో తరగతి గది ముందు అరుపులు వినిపించి టీచర్ బయటికొచ్చారు. అప్పటికే పొడుగు కుర్రాడు పొట్టివాడి కాలర్ పట్టుకుని ఉన్నాడు. పొట్టివాడు కుడి పిడికిలితో రెండుసార్లు కొట్టాడు. పొడుగువాడు గోడకు తగిలి కింద పడ్డాడు. ఎడమ కనుబొమ్మ మీద చీరుకుని రక్తం కారుతోంది. వాళ్లమ్మను తిట్టాడు సార్, అని పక్కనున్న పిల్ల చెప్పింది. కాగితంలో ఇది ఎలా రావాలి? ‘నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి సుమారు 12:40. అంతకుముందు జరిగింది నేను చూడలేదు’ అన్నది మొదటి వాక్యం. ఈ వాక్యం రాయడానికే చాలామందికి మొహమాటం, చూడలేదంటే డ్యూటీలో లేనట్టు అవుతుందేమోనని. కానీ అది లేకపోతే తర్వాతి వాక్యాలన్నీ మొదటి నుంచీ చూసినవాడి సాక్ష్యంగా చెలామణీ అవుతాయి. అమ్మ మాట ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో, చెప్పిన మాటల్లోనే, విన్నదిగా రాయాలి, చూసినదానితో కలపకూడదు. గాయం కూడా అంతే. ‘తీవ్ర గాయం’ డాక్టర్ చెప్పాల్సిన మాట, ‘కనుబొమ్మ మీద అర అంగుళం చీలిక, రక్తం’ టీచర్ చూసింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆ పొడుగువాడు ఆర్నెల్లుగా చిన్నవాళ్లను ఏడిపిస్తున్నాడని స్టాఫ్ రూమ్ అంతటికీ తెలిస్తే, ఇంత పొడిగా రాయడం వాణ్ని కాపాడటమే కదా అని. ఆ చరిత్ర ముఖ్యమే, దాచమని ఎవరూ అనరు. కానీ పాత ఘటనలకు వాటి తేదీలతో వేరే కాగితం ఉండాలి. ఇందులో కలిపితే ఈ రోజు చూసింది ఆ రంగులోనే కనిపిస్తుంది. పైగా వాడి తల్లిదండ్రులు ఒక్క పాత ఆరోపణను తప్పని చూపిస్తే చాలు, కళ్లారా చూసిన రెండు దెబ్బలు కూడా అనుమానంలో పడతాయి. ఇక, గొడవెందుకని ‘ఇద్దరూ పరస్పరం కొట్టుకున్నారు’ అని ముగించేవాళ్లున్నారు. అదీ తటస్థం కాదు. పై ఉదాహరణలో పొడుగువాడు కొట్టడం టీచర్ చూడనే లేదు, కాలర్ పట్టుకోవడమే చూశారు. సమానంగా కనిపించే ఆ వాక్యం చూడని దెబ్బను పుట్టించింది.

కాగితంలో ఎక్కువగా తప్పిపోయేది టీచర్ సొంత చెయ్యి. విడదీయడానికి ఎవరిని ఎక్కడ పట్టుకున్నారు, ఎటు లాగారు అన్నది రాయరు, ‘విడదీశాను’ అనేస్తారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక దండనను నిషేధించింది. సాయంత్రం ఇంట్లో పొట్టివాడి భుజం మీద కమిలిన మచ్చ కనిపిస్తే అది పొడుగువాడి పట్టా, సారు పట్టా అన్న ప్రశ్న వస్తుంది. ‘వెనుక నుంచి రెండు చేతులతో అతని భుజాలు పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగాను’ అని ఆ మధ్యాహ్నమే రాసి ఉంటే జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది, ఆ మచ్చ సారు చేతిదే అయినా సరే.