తీసివేతలు లేని అరవై

షష్టిపూర్తి పందిట్లో హోమం ముగిసి, దంపతులిద్దరూ మళ్లీ దండలు మార్చుకున్నాక, భోజనాలకు పిలిచేలోపు ఒక పావుగంట దొరుకుతుంది. మైకు ఎవరి చేతికో వస్తుంది. "నాలుగు మాటలు చెప్పండి బాబాయ్" అంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అయితే గ్లాసులిచ్చి దీన్నే టోస్ట్ అంటారు. పేరేదైనా ఆ నాలుగు మాటల్లో సభకు బాగా నచ్చేది, బతికిన కాలాన్ని లెక్కపెట్టి సరసమాడటం. ఏళ్లను నెలలు చేసి, నెలలను రోజులు చేసి, మనిషి ఇంత సంపాదించాడని చూపించే ఆట అది. చాలామంది గుణకారం దగ్గరే జారిపోతారు.

365ని 60తో గుణిస్తే 21,900 వస్తుంది. వక్త ఆ అంకె చెప్పగానే మూడో వరసలోని లెక్కల మాస్టారు తల అడ్డంగా ఊపుతారు. అరవై ఏళ్లలో లీపు రోజులు పదిహేను. అవి కలిపితే 21,915. శతాబ్ది సంవత్సరాలకు మామూలుగా లీపు ఉండదు కానీ 2000 సంవత్సరం 400తో భాగారమవుతుంది కాబట్టి దానికి ఉంది. అందుకే ఈ రోజుల్లో అరవై నిండేవాళ్లెవరికైనా ఇంగ్లీషు తేదీ లెక్కన అంకె ఇదే. దీన్ని ఏడుతో భాగిస్తే ఐదు మిగులుతుంది. అంటే బుధవారం పుట్టినవారి అరవయ్యో పుట్టినరోజు సోమవారం వస్తుంది. సభలో ఎవరినైనా పుట్టిన వారం అడిగి, వేళ్లమీద ఐదు రోజులు ముందుకు జరిపి చెప్పండి, పిల్లలు సెల్‌ఫోన్లు తీసి సరిచూసుకుంటారు.

అసలు చిక్కు పంచాంగంతో వస్తుంది. షష్టిపూర్తి చేసేది ఇంగ్లీషు తేదీకి కాదు. పుట్టిన సంవత్సరం పేరు అరవై పేర్ల చక్రం తిరిగి మళ్లీ వచ్చినప్పుడు, జన్మమాసంలో జన్మతిథికో జన్మనక్షత్రానికో చేస్తారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. బావగారు 1966 జులై 6, బుధవారం పుట్టారనుకోండి. అది పరాభవ నామ సంవత్సరం, ఆషాఢ బహుళ పక్షం. 2026 కూడా పరాభవే. కానీ 1966లో అధికమాసం శ్రావణానికి వచ్చింది, అంటే ఆయన పుట్టిన తర్వాత. 2026లో అది జ్యేష్ఠానికే వచ్చింది. దాంతో ఈసారి ఆషాఢ బహుళం జులై 30న గాని మొదలుకాదు. ఇంగ్లీషు పుట్టినరోజుకూ పంచాంగం పుట్టినరోజుకూ మధ్య మూడు వారాలు దాటిన ఎడం. వేడుక ఆగస్టు 2, ఆదివారం పెట్టుకుంటే ఆ రోజుకు బావగారు బతికినవి 21,915 కాదు, 21,942 రోజులు. వక్త లెక్కగట్టాల్సింది కేకు కోసిన తేదీకి కాదు, తాను మైకు పట్టుకున్న తేదీకి.

ఇక్కడే ఆటకు మంచి మలుపు దొరుకుతుంది. ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం అరవై ఏళ్లంటే 720 నెలలే. చంద్రుణ్ని అడిగితే వేరే సంఖ్య చెబుతాడు. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున ఇరవైతొమ్మిదిన్నర రోజులే కాబట్టి, ఏడాదికి పన్నెండు నెలలు పోగా మిగిలిన రోజులు పోగుపడి అధికమాసాలవుతాయి. బావగారు పుట్టింది పున్నమి వెళ్లిన కొద్ది రోజులకు. ఆగస్టు 2 నాటికి ఆయన నెత్తిమీదుగా 743 పున్నములు దాటాయి. ఇంగ్లీషు నెలలతో పోలిస్తే 23 ఎక్కువ. "ప్రభుత్వం జీతమిచ్చింది ఇంగ్లీషు నెలలకు, మా బావగారు బతికింది తెలుగు నెలలకు. ఆ తేడా బకాయి ఎవరిస్తారు?" అని బావమరిది అంటే పెన్షనర్ల వరుస గొల్లుమంటుంది.

ఆ తరంవాళ్ల దగ్గర ఇంకో వయసు కూడా ఉంటుంది, సర్టిఫికెట్ వయసు. బడిలో చేర్చిన రోజున మేష్టారు ఏ జూన్ 1నో జులై 1నో రాసేసిన తేదీ అది. రిటైరైంది ఆ తేదీ ప్రకారం, షష్టిపూర్తి అమ్మ చెప్పిన తిథి ప్రకారం. ఇది నవ్వించే సంగతే కానీ ముందుగా ఇంటివాళ్లను అడగాలి. సర్వీసు రికార్డు సంగతి పైఅధికారుల ముందు ఎత్తడం అందరికీ నచ్చదు.

ఎవరు లెక్కపెడుతున్నారన్నదీ ముఖ్యమే. వరసకు బావమరిదికి ఉన్న చనువు అల్లుడికి ఉండదు. అల్లుడు ఏలినాటి శని పేరెత్తకూడదు. బావమరిది మాత్రం "శనిమహాత్ముడు ఆకాశాన్ని రెండు చుట్లు చుట్టి వచ్చాడు, గురువుగారు ఐదు చుట్లు. మా బావగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు" అనొచ్చు. ఈ చుట్లు ఉత్త చమత్కారం కాదు. గురుడికి ఒక చుట్టుకు పన్నెండేళ్లు, శనికి ముప్పయ్యేళ్లు దరిదాపుగా పడతాయి. ఇద్దరూ కలిసి బయల్దేరిన చోటికే చేరేది అరవయ్యేళ్లకు.

రోజులు, పున్నములు ఎంత బాగున్నా అవి ఎవరికైనా సరిపోయే అంకెలే. ఒక్క లెక్కయినా ఆ ఇంట్లోదే ఉండాలి. పెళ్లయి 34 ఏళ్లు, పొద్దునొకటి సాయంత్రమొకటి కాఫీ. గుణిస్తే 24,820. "మా అక్క కలిపిన కాఫీలు దాదాపు పాతికవేలు బావగారూ. బాగుందని మీరన్నవి ఎన్నో ఆవిడనే అడుగుదాం" అంటే చూపులన్నీ ఆమెవైపు తిరుగుతాయి. ఆ పూట రెండోసారి మంగళసూత్రం కట్టించుకున్న మనిషి గురించి ఎవరూ మాట్లాడకపోవడం ఈ సభల్లో తరచూ జరిగే పొరపాటు.

పనికిరాని లెక్క ఒకటుంది, తీసివేత. ఆయుర్దాయంలో సగం రాత్రులకే పోయిందని భర్తృహరి వైరాగ్యశతకంలో లెక్క తేల్చాడు, ఏనుగు లక్ష్మణకవి దాన్ని తెలుగు చేశాడు. గొప్ప లెక్కే, కానీ అది అడవికి పోయేవాడికి. పందిట్లో "నిద్రలో ఇరవయ్యేళ్లు పోయాయి" అని మొదలుపెట్టిన వక్త తర్వాత ఎంత నవ్వించబోయినా సభ కదలదు. "నూరేళ్లలో ఇంకా నలభై" అన్నా అంతే. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న ఆడపడుచు ముందు వరసలోనే కూర్చుని ఉండొచ్చు.

మిగిలింది చెప్పాలనుంటే దానికీ మన దగ్గర కొలత ఉంది. వెయ్యి పున్నములు చూసినవారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తారు. లెక్కగడితే 80 ఏళ్ల 10 నెలలకు వెయ్యి నిండుతాయి. 743 అయ్యాయి కాబట్టి మిగిలినవి 257, అంటే 2047 వేసవి దాకా. ఇది తీసివేతే అయినా చెవికి అలా వినబడదు, మళ్లీ ఇదే పందిట్లో కలుద్దామన్న పిలుపులా ఉంటుంది.

ఐదు నిమిషాల ప్రసంగంలో పెద్ద అంకెలు మూడుకు మించితే సభ చేతులెత్తేస్తుంది. అందుకే పైన చెప్పినవన్నీ ఒకేచోట వాడొద్దు. చీటీ మీద అంకెల్లో కాకుండా "ఇరవై ఒక్క వేల తొమ్మిది వందల నలభై రెండు" అని అక్షరాల్లో రాసుకోండి. మైకు ముందు తడబడేది అక్కడే.