టేపు పట్టుకున్న పిన్ని

మా పిన్ని గద్వాల చీర అమ్మకానికి పెట్టాం. ఈ వారం ప్రకటనలోంచి దాని ఫొటోలు తీసేశారు. అవి చీర కొన్న కొట్టువాళ్లవి, వాడొద్దన్నారు. న్యాయమే. చీరేమో కర్నూలులో పిన్ని బీరువాలో ఉంది. ఆమెది బటన్ల ఫోను, కొత్త ఫొటో పంపలేదు.

ఆ చీర నేను రెండు పెళ్లిళ్లకు కట్టుకున్నాను. ఆ ధైర్యంతోనే రాశాను: 'గంధం రంగు నూలు చీర, జానెడు పట్టు అంచు, వెండి జరీ, జాకెట్టు ముక్కతో.' రాశాక భయమేసింది. వస్తువు గురించి చెప్పేటప్పుడు విశేషణం కన్నా అంకె మేలని ఎన్నోసార్లు వాదించినదాన్ని కదా. పిన్నికి ఫోన్ చేసి టేపు తీయమన్నాను.

చీరను మంచం మీద పరిచి, లాగకుండా, మీటరు మీటరుగా కొలిచింది. మొత్తం 5 మీటర్ల 45 సెంటీమీటర్లు. జాకెట్టు ముక్క ఉంటే 6 మీటర్లు దాటాలి. "ముక్క ఎప్పుడో కోసేశాం కదమ్మా, నీ జాకెట్టు దానిదే" అంది పిన్ని. నేను జానెడనుకున్న అంచు ఆరంగుళాలే.

వెడల్పు మూడుచోట్ల కొలవమన్నాను. గద్వాలలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. నీళ్లలో పడితే నూలు కుదించుకుపోతుంది. పట్టు అంతగా కుదించుకోదు. అప్పుడు ఆ అతుకు పొడవునా అంచు ముడతలు పడుతుంది. పిన్ని వేళ్లతో తడిమి, అతుకు సాఫీగానే ఉందంది. వెడల్పు మూడుచోట్లా 46 అంగుళాలే. జరీ ఎవరూ పరీక్షించలేదు కాబట్టి 'వెండి' కొట్టేసి 'బంగారు రంగు జరీ' అని రాశాను. రంగుకు పోలిక అడిగితే, "అరగదీసిన గంధం కాదు, ఆరిన గంధం" అంది. అదే రాశాను.

ఇక జ్ఞాపకంతో పనిలేదనుకుని ఫోన్ పెట్టేయబోతుంటే రెండో పెళ్లి గుర్తొచ్చింది. మెట్లు దిగుతుంటే పట్టీ కొక్కెం చీరకు తగులుకుంది. చిన్న చిరుగు. పిన్నే రఫూ చేయించింది. టేపుకు పొడవు తెలుస్తుంది గానీ, ఎక్కడ వెతకాలో తెలియదు. కుచ్చిళ్ల భాగంలో, కింది అంచుకు కాస్త పైన చూడమన్నాను. వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు వెతికింది.

"ఉంది. అంగుళం పొడవు. నేను మర్చేపోయాను."

లోపలి కొస నుంచి ఎంత దూరమో కొలవమన్నాను. మీటరు అరవై సెంటీమీటర్లు. ప్రకటన మొదటి వాక్యం తీసేసి, ఆ చోట రఫూ సంగతి పెట్టాను. నాకు కచ్చితంగా గుర్తున్నది అదొక్కటే, దాన్నీ పిన్ని కళ్లతో చూసింది.