ఎనిమిదా, ఆరా?

మొన్న రాత్రి మా అన్నయ్య కూతురు వాట్సాప్‌లో నోటు పుస్తకం ఫొటో పంపింది. "బాబాయ్, దీని ఐగెన్ విలువలు, వెక్టర్లు కావాలి. అర్థం కూడా రాయమన్నారు." లెక్క ఇదీ: వీధిలో రెండు టీ కొట్లు. మొదటి కొట్టుకు వచ్చేవాళ్లలో వారానికి పదోవంతు రెండోదానికి పోతారు, అక్కడివాళ్లలో కొందరు ఇటొస్తారు.

```
0.9  0.2
0.1  0.8
```

చివరి అంకె మీద ఫోను నీడ పడింది. ఎనిమిదో ఆరో తెలియదు. ముందు ఆరనుకునే చేశాను. విలువలు సుమారు 0.956, 0.544 వచ్చాయి. రెండూ ఒకటికి తక్కువే. అంటే వారం వారం జనం తగ్గిపోతూ చివరికి రెండు కొట్లూ ఖాళీ! టీ మానేసినవాళ్ల ఊసు లెక్కలో లేదే. నిలువు వరుసలు కూడా అదే చెబుతున్నాయి. 0.9, 0.1 కలిపితే ఒకటి. 0.2 కింద కూడా మొత్తం ఒకటి కావాలంటే అది 0.8 అయి తీరాలి.

ఇక పని సులువు. ప్రధాన వికర్ణం మీది అంకెల మొత్తం 1.7, డిటర్మినెంట్ 0.72 − 0.02 = 0.7. λ² − 1.7λ + 0.7 = 0 నుంచి 1, 0.7 వస్తాయి. ఒకటికి వెక్టర్ (2, 1), 0.7కి (1, −1).

అర్థం దగ్గరే పిల్లలు తడబడతారు. మొదటి కొట్టులో 300 మంది, రెండోదాంట్లో ఎవరూ లేరనుకుందాం. (300, 0)ని (200, 100), (100, −100)గా విడదీయండి. మొదటి ముక్క ఒకటి వెక్టర్ దారిలో ఉంది, కాబట్టి కదలదు. రెండోది వారానికి 0.7 వంతుకు తగ్గుతుంది. మరుసటి వారం 270, 30. పది వారాలకు 100లో మిగిలేది మూడుకు కాస్త తక్కువ, అంటే దాదాపు 203, 97. ఒకటి ఎక్కడ ఆగుతుందో చెబుతుంది, 0.7 ఎంత త్వరగా ఆగుతుందో చెబుతుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, పరీక్షల్లో దాన్ని ఎవరూ అడగరు గానీ.

తన జవాబు ఫొటో కూడా పంపమన్నాను. విలువలు సరిగ్గా 1, 0.7. వెక్టర్ మాత్రం (1, 1), కింద "చివరికి సగం సగం" అని రాసుంది. అడ్డ వరుసల్ని నిలువు వరుసలుగా ఎక్కించుకుంది. అలా తిప్పేసినా విలువలు మారవు, అందుకే తప్పు పట్టుబడలేదు. వెక్టర్లు మారతాయి.

"ఫొటోలో ఉన్న మాత్రికతో (1, 1)ని గుణించి చూడమ్మా," అన్నాను.

కాసేపటికి మెసేజ్ వచ్చింది: "1.1, 0.9 వచ్చింది బాబాయ్. కదిలిపోయింది."