తడి కాగితం తీర్పు

డబ్బా అడుగున మిగిలిన నిరుటి బెండ గింజలు బతికున్నాయో లేదో పైకి చూస్తే తెలియదు. ఆ సంగతి తేల్చేది ఒక తడి కాగితం. ఏరకుండా చేతికొచ్చిన ఇరవై గింజలు తీసి, తడిపి పిండిన కాగితపు రుమాలు మీద ఎడంగా పేర్చి, చుట్ట చుట్టి, వదులు మూత డబ్బాలో వెచ్చని నీడపట్టున ఉంచుతారు. పనితనమంతా ఆ పిండడంలోనే ఉంది. కాగితం చెమ్మగా ఉండాలి గానీ నీళ్లు కారకూడదు, కారితే గాలి అందక మంచి గింజ కూడా కుళ్లుతుంది. కొద్ది రోజుల్లో తెల్లని వేరు మొనలు కనిపిస్తాయి. పది రోజులకు పదమూడు మొలిచాయనుకుందాం, అంటే నూటికి అరవై ఐదు. గుంటకు రెండేసి వేస్తే నూరు గుంటల్లో సుమారు ఎనభై ఎనిమిదింట కనీసం ఒక్కటైనా మొలిచే అవకాశం ఉంటుంది. నాలుగే మొలిస్తే ఆ లెక్క ముప్పై ఆరుకు పడిపోతుంది, కొత్త విత్తనం కొనడమే మేలు. ఇరవై గింజలతో కచ్చితమైన లెక్క వస్తుందా అంటే రాదు. కానీ పదమూడుకీ నాలుగుకీ మధ్య తేడా పట్టడానికి అవి చాలు. కాగితం మీద మొలిచిందల్లా మట్టిని చీల్చుకు రాదన్న అభ్యంతరమూ నిజమే. అందుకే ఎన్ని మొలిచాయన్నదే కాక ఎంత త్వరగా మొలిచాయన్నదీ చూడాలి. ఆలస్యంగా, బక్కగా వచ్చిన మొలకలు ఎక్కువైతే విత్తనం సత్తువ తగ్గినట్టే. మొలవనివాటిని గోటితో నొక్కాలి. మెత్తగా చితికితే చచ్చినట్టు, గట్టిగా ఉంటే ఇంకా నీరు తాగనట్టు.