మాట వినని తాబేలును కథలో ఎలా నడిపించాలి

పిసినారి గురించి చెప్పాలంటే మనవాళ్ళు ‘ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలడు’ అంటారు. తోలితే చేతికంటిన నాలుగు మెతుకులు రాలిపోతాయని, వాటిని కాకి తినేస్తుందని వాడి భయం. బడిలో ఇద్దరికీ ఒకటే జామకాయ ఉంటే, దాని మీద చొక్కా అంచు కప్పి కొరికి, కాకెంగిలి చేసి రెండో ముక్క పక్కవాడి చేతిలో పెట్టడం పిల్లలకు పెద్దవాళ్ళు నేర్పిన పని కాదు. తద్దినం నాడు పిండం కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఆకలితో ఎదురుచూస్తారు. పెట్టడం, పంచుకోవడం అన్న ఊసు ఎక్కడ వచ్చినా మన ఇళ్ళలో ఒక కాకి వచ్చి వాలుతుంది. అందుకే పడుకోబోయే పిల్లలకు పంచుకోవడం గురించి కథ చెప్పాలంటే కాకితో మొదలుపెట్టడం తేలిక. కష్టమంతా తాబేలుతోనే.

కాకీ తాబేలూ కలిసే పాత కథ పంచతంత్రంలోని మిత్రలాభం. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక పుణ్యమా అని అందులోని పేర్లు మన పెద్దలకు కంఠతా వచ్చేవి. కాకి లఘుపతనకం, ఎలుక హిరణ్యకుడు, తాబేలు మంథరుడు, జింక చిత్రాంగుడు. ఈ కథ స్నేహం గురించి అని అందరికీ తెలుసు. దాచుకోవడం గురించి కూడా అని చాలామంది గమనించరు. హిరణ్యకుడి బొరియ కింద ఒకప్పుడు నిధి ఉండేది. దాని మీద పడుకున్నన్నాళ్ళూ, పైన వేలాడే సన్యాసి భిక్షాపాత్ర దాకా ఆ ఎలుక ఒక్క గెంతులో అందుకునేది. నిధిని తవ్వి తీసుకుపోగానే గెంతే సత్తువ పోయింది. అలా అన్నీ పోయిన ఎలుకను కాకి వీపు మీద ఎక్కించుకుని చెరువుకు తెస్తే, మంథరుడు చోటిచ్చి ఆదరిస్తాడు.

మరి అంత మంచి తాబేలు మొండిది ఎప్పుడయింది? చెరువు దాటి నేల మీదికి వచ్చినప్పుడు. పంచతంత్రంలో జింక వలలో చిక్కుకుంటుంది. కాకి, ఎలుక దాన్ని విడిపించడానికి వెళతాయి. వాటిని చూడకుండా ఉండలేక తాబేలు కూడా దేక్కుంటూ బయల్దేరుతుంది. వేటగాడు వస్తే మేమంతా తప్పించుకుంటాం, నీ గతేమిటని మిత్రులు తల బాదుకుంటారు. హితోపదేశంలో అయితే వేటగాళ్ళు వస్తున్నారన్న భయంతో, ఎవరెంత చెప్పినా వినకుండా చెరువు విడిచి నడక మొదలుపెడుతుంది. రెండింటిలోనూ దొరికిపోతుంది. వేటగాడు దాన్ని వింటికి కట్టుకుని నడుస్తుంటే, పంచతంత్రంలో కాకి ఉపాయం చెబుతుంది. జింక చెరువు ఒడ్డున చచ్చినట్టు పడుకుంటుంది, కాకి దాని తల మీద వాలి పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు జింక కోసం తాబేలును కింద పెట్టి వెళ్ళగానే ఎలుక తాళ్ళు కొరుకుతుంది. తాబేలు నీళ్ళలోకి, జింక అడవిలోకి.

పంచుకోవడం గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి ముగింపు నాకు కనిపించలేదు. అక్కడ ఎవరూ తమ తిండి సగం చేసి ఇవ్వరు. కాకి తన చూపునూ ఆలోచననూ ఇస్తుంది, జింక తన ధైర్యాన్ని ఇస్తుంది, ఎలుక తన పళ్ళు ఇస్తుంది. పిల్లలకు మాత్రం పంచుకోవడం అంటే ముందు చేతిలో ఉన్న తినే వస్తువే. కాబట్టి ఇంట్లో చెప్పేటప్పుడు ఈ ముగింపుకు ముందు ఒక చిన్న తగాదా అల్లుకోవాలి. నేను అల్లుకున్నది ఇదీ.

అనగనగా ఒక చెరువు. గట్టున మేడిచెట్టు. చెట్టు మీద కాకి, నీళ్ళలో తాబేలు. ఒక రాత్రి పెద్ద గాలి వీచి పండ్లన్నీ నీళ్ళలో పడ్డాయి. తెల్లారేసరికి చెట్టు మీద ఒక్క పండూ లేదు. కాకి కిందికి వచ్చి, ‘తాబేలు బావా, ఒక్క పండు ఇస్తావా?’ అంది. ‘నా చెరువులో పడ్డవన్నీ నావే’ అంది తాబేలు. కాకి పోట్లాడలేదు. ‘సరే బావా, నీవే. మరి ఎన్నున్నాయో లెక్క చూసుకున్నావా?’ అంది. తాబేలు లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... నీళ్ళు కదిలాయి, పండ్లు కదిలాయి, లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. పొద్దుగూకేదాకా అదే పని. మూడు పండ్లు తినేసరికి పొట్ట నిండింది. మిగిలినవి ఇవ్వదు, తినలేదు. ఇంకో రెండు రోజులకు కుళ్ళి చెరువంతా కంపు. ‘ఈ చెరువు నాకొద్దు, వేరే చెరువుకు పోతా’ అని బయల్దేరింది. ‘పోకు బావా, నేల మీద నువ్వు పరుగెత్తలేవు’ అని కాకి అంటే తల లోపలికి లాక్కుంది. అక్కడి నుంచి వేటగాడు, జింక, ఎలుక, అంతా పాత కథే. చివర కాకి గట్టున వాలి ఉంటే, కొత్తగా రాలిన మేడిపండు ఒకటి నీళ్ళలో తేలుతూ వచ్చింది. తాబేలు దాన్ని ముక్కుతో గట్టుకు నెట్టింది. కథ కంచికి.

ఇందులో లెక్కపెట్టే చోటు చాలా పని చేస్తుంది. మొండివాడితో వాదిస్తే మొండితనం పెరుగుతుంది. దాచుకున్న దాన్ని కాపలా కాయడమే ఎంత చాకిరో కాకి చూపించింది, అంతే. అదే చోట పిల్ల కూడా మనతో కలిసి లెక్కపెడుతుంది, కాబట్టి తాబేలు విసుగు పిల్లకు సొంతంగా తెలుస్తుంది. నిద్రకూ అదే మంచిది. లెక్క తప్పినప్పుడల్లా గొంతు ఒక మెట్టు తగ్గించి, అంకెకూ అంకెకూ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ వదలాలి. తల లోపలికి లాక్కున్నప్పుడు పిడికిలి బిగించి బొటనవేలు లోపలికి మడిచి చూపిస్తే చాలు. చీకట్లో అయితే ఆ పిడికిలిని పిల్ల అరచేతిలో పెట్టాలి.

చెప్పేవాళ్ళకు దారి చూపేది ‘ఊ’. మన ఇళ్ళలో ఊ కొట్టకపోతే కథ ముందుకు సాగదు. ఊ వెంటనే వస్తే కథలో ఉన్నట్టు. సాగదీసి ఆలస్యంగా వస్తే నిద్ర వస్తున్నట్టు. అప్పుడు ఎలుక నిధి సంగతి వదిలేసి నేరుగా చెరువు దగ్గరికి వెళ్ళిపోవచ్చు. కథలో కథ పెట్టే పంచతంత్రపు అల్లిక ఇందుకు వీలుగా ఉంటుంది, లోపలి కథ తీసేసినా బయటి కథ తెగదు. ఊ ఆగిపోతే నిద్రపోయిందో, అలిగిందో తెలియదు. ‘అప్పుడు తాబేలు రెక్కలు విప్పి ఎగిరింది’ అని మెల్లగా తప్పు చెప్పి చూడండి. మెలకువగా ఉంటే దిద్దకుండా ఉండదు.

అలగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. ఆ సాయంత్రం బొమ్మ కోసం చెల్లితో కొట్లాడిన పిల్లకు రాత్రి ఈ కథ చెప్పి, చివర ‘చూశావా, నువ్వూ అంతే’ అనడం. ఆ మాటతో తాబేలు తప్పుకుంటుంది, పిల్ల దోషిగా మిగులుతుంది. రేపు ఈ కథ మొదలుపెట్టగానే ‘తెలుసులే’ అని గోడవైపు తిరుగుతుంది. కొట్లాట జరిగిన రాత్రి వేరే కథ చెప్పి, దీన్ని నాలుగు రోజులు ఆగి చెప్పడం మేలు.

జంతువుల కథలు పిల్లలకు పంచుకోవడం నేర్పుతాయని మనం తేలిగ్గా నమ్ముతాం. కెనడాలోని టొరంటోలో పరిశోధకులు దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో కొందరికి రకూన్ అనే జంతువు పంచుకోవడం నేర్చుకునే బొమ్మల పుస్తకం చదివారు. మరికొందరికి అదే కథను మనుషుల బొమ్మలతో చదివారు. ముందూ తర్వాతా, తమ స్టిక్కర్లలో ఎన్ని వేరే పిల్లలకు ఇస్తారో చూశారు. మనుషుల కథ విన్నవాళ్ళు మునుపటికంటే ఎక్కువ ఇచ్చారు, జంతువుల కథ విన్నవాళ్ళు తక్కువ ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్ళలోనూ, ఆ జంతువును మనిషిలాంటిదే అనుకున్న పిల్లలు ఎక్కువ ఇచ్చారు.

ఇది పుస్తకం చదివి వినిపించిన పరీక్ష, నోటితో చెప్పే కథను చూసింది కాదు. అయినా నాకు అది ఒక మంచి హెచ్చరిక. తాబేలును వింత జంతువులా చెబితే పిల్లకు అది తాబేలు గొడవగానే ఉండిపోతుంది. ‘నా చెరువులో పడ్డవన్నీ నావే’ అన్న మాట ఆ ఇంట్లో పిల్లలు రోజూ అనే గొంతుతో రావాలి, ఆ కోపంలో న్యాయం కూడా ఉన్నట్టు వినిపించాలి. నిజానికి పండ్లు పడింది దాని చెరువులోనే కదా. బావా అన్న పిలుపు కూడా ఊరికే పెట్టింది కాదు. వరస కలిపితే కాకీ తాబేలూ మనుషులవుతారు. పైగా మన కాకి ఆ పిల్లలకు రకూన్‌లా బొమ్మలో మాత్రమే ఉండేది కాదు. పొద్దున్నే వంటింటి కిటికీ మీద వాలి అరిచేది అదే.

కొంచెం పెద్ద పిల్లలు ఇక్కడ ఒకటి అడుగుతారు. ‘ఒక్క పండు కూడా ఇవ్వని తాబేలును కాకి ఎందుకు కాపాడింది?’ దీనికి జవాబు చెప్పేయకండి. ‘నువ్వైతే ఏం చేసేదానివి?’ అని అడగండి. ‘నేనైతే వెళ్ళను’ అంటే అదీ ఒప్పుకోవాలి. అప్పుడు కాకిని రెండు క్షణాలు కొమ్మ మీదే కూర్చోబెట్టి ఆలోచించనివ్వండి, ఆ తర్వాతే ఎగరనివ్వండి. మూడు నాలుగేళ్ళ పిల్లలకు పంచుకోవాలని తెలుసు, చేయి మాత్రం రాదు. ఆ తటపటాయింపు కాకికీ ఉందని వింటే వాళ్ళకు ఊరటగా ఉంటుంది.

ఇంకో ప్రశ్న అంతకంటే కఠినమైనది. ‘పాపం, వేటగాడు ఆ రాత్రి ఏం తిన్నాడు?’ పాత కథకు దీని గురించి పట్టింపు లేదు, వేటగాడు బాధపడుతూ వెళ్ళిపోతాడు. పంచుకోవడం గురించిన కథలో ఈ ప్రశ్న వచ్చిందంటే పిల్ల మనకంటే ఒక అడుగు ముందుంది. ‘చెడ్డవాడు కాబట్టి పస్తున్నాడు’ అని కొట్టిపారేయొద్దు. వేటగాడికి ఇంటి దగ్గర ఒక కూతుర్ని పెట్టండి, పొయ్యి మీద గంజి పెట్టండి, ఆ గంజి ఇద్దరికీ సరిపోతుందో లేదో రేపటి రాత్రి చూద్దామని చెప్పండి. ఆ కథలో కాకి మళ్ళీ రావాలో వద్దో పిల్లనే అడగండి.