ముఖం బిగించి నవ్వించే పార్వతీశం

పోయిన ఎండాకాలం మా అమ్మకు ఆపరేషనై, కడపలో ఒక ఆసుపత్రి వరండాలో పదకొండు రాత్రులు పడుకున్నాను. పత్రిక తెరిస్తే అక్షరాలు కదిలిపోయేవి, నాలుగు పాత్రలున్న కథైతే ఎవరెవరో గుర్తుండేది కాదు. మూడో రాత్రి మా చిన్నాయన కమలాపురం నుంచి అన్నం క్యారియరుతో పాటు అట్ట ఊడిన పుస్తకమొకటి తెచ్చాడు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం', మొదటి భాగం. "ఇది సదువు రా, పొద్దు పోతాది" అన్నాడు.

మనసు అలిసినప్పుడు నవ్వుకోవడానికి ఏం చదవాలని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఈ పుస్తకమే. 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడొకడు ఇంట్లో చెప్పకుండా, బారిస్టరు చదువు కోసం ఇంగ్లండుకు బయల్దేరతాడు. కథంతా ఒకే గొంతు, ఒకే దారి. పడవ, రైలు, మద్రాసు, ఓడ, ఇలా కొన్ని పేజీలకొక మజిలీ. నర్సు పిలిస్తే ఎక్కడైనా మూసేయొచ్చు, తిరిగొచ్చి అక్కడి నుంచే అందుకోవచ్చు. వెనక్కి తిప్పి చూసుకోవాల్సిన చిక్కుముడి ఒక్కటీ ఉండదు.

దాని పనితనమంతా టోపీ దగ్గర బయటపడుతుంది. దొరల దేశం పోతున్నానని పార్వతీశం ముచ్చటపడి ఒక టోపీ కొంటాడు. అది ఆడవాళ్ళ టోపీ. ఈ సంగతే మరొకరు "పల్లెటూరి అమాయకుడు ఆడవాళ్ళ టోపీ కొన్నాడు" అని చెప్పి ఉంటే నవ్వు ఒక్క వాక్యంతో అయిపోయేది. మొక్కపాటి కథను పార్వతీశం చేతే చెప్పించాడు. వాడికి తన టోపీ గొప్పగానే కనపడుతుంది, గొప్పగానే వర్ణిస్తాడు. మనకు అనుమానం మొదలవుతుంది, వాడికి కాదు. జనం వింతగా చూస్తే మెచ్చుకుంటున్నారనుకుంటాడు. మనకు తెలిసినదానికీ వాడికి తెలిసినదానికీ మధ్య ఆ ఎడం ఎంతసేపు ఉంటే అంతసేపూ నవ్వు పారుతూనే ఉంటుంది. రచయిత ఎక్కడా మోచేత్తో పొడిచి "నవ్వండి" అనడు. పార్వతీశం పెట్టే బేడా గురించి చెప్పినా దస్తావేజు రాసినంత శ్రద్ధగా చెబుతాడు. ఆ శ్రద్ధలోనే ఉంది నవ్వంతా.

ఇంకో గొప్పతనం చెప్పకుండా ఉండలేను. వాడు తెలివితక్కువవాడు కాడు, తెలియనివాడు. ఎరగని ఊరిలో ఎవరైనా వాడిలాగే తడబడతారు. అందుకే నవ్విన తర్వాత వాడంటే ఇష్టం పెరుగుతుందే తప్ప చులకన కలగదు. మొక్కపాటి తానే ఎడింబరోలో చదువుకున్నవాడు. ఆ కొత్త, ఆ బెదురు అనుభవించిన మనిషి చెయ్యి అది.

తర్వాత వచ్చిన రెండు భాగాలను మెచ్చుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పార్వతీశానికి లోకం తెలిసేకొద్దీ ఆ ఎడం తగ్గిపోతుంది. మూడో భాగానికి స్వాతంత్ర్యోద్యమంతో కథే బరువెక్కుతుంది. నవ్వే కావాలంటే మొదటి భాగం చాలు. అదయ్యాక పొత్తూరి విజయలక్ష్మి 'ప్రేమలేఖ' పట్టుకోండి. జంధ్యాల 1984లో తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ'కు మూలం అదే. ఊరికే రాసిన ఒక్క ఉత్తరం ఎన్ని ఇళ్ళు తిరుగుతుందో చూడండి. మా సీమ రచయిత నామిని నా ప్రాణం. అయినా ఆసుపత్రి రాత్రికి మాత్రం ఆయన్ని ఇవ్వను. 'పచ్చనాకు సాక్షిగా'లో నవ్వు వెంటే ఏడుపూ వస్తుంది.

ఇప్పుడు హాస్యం పేరుతో వస్తున్నది చూస్తే ఒళ్ళు మండుతుంది. లావుగా ఉంటే నవ్వు, నత్తి ఉంటే నవ్వు, పెళ్ళాం నోరు తెరిస్తే నవ్వు. మా కడప మాటైతే కత్తి పట్టినోడికో, తెలివిలేనోడికో తగిలిస్తారు. ఇందులో ఎడమేదీ? ఒకణ్ణి కింద పడేసి మనల్ని నవ్వమనడమే. పుస్తకాలు ప్రచురించేవాళ్ళకు నా మొర ఒక్కటే: పార్వతీశాన్ని కుదించి అమ్మకండి. కుదిస్తే టోపీ కొన్న సంగతి మిగులుతుంది, దాన్ని చూసుకుని వాడు మురిసిపోయింది ఎగిరిపోతుంది.

దీన్ని పైకి చదవడంలో మా చిన్నాయనను మించినవాణ్ణి నేను చూడలేదు. ఆ వారం వార్డులో అమ్మ పక్కన కూర్చుని పంచాంగం చదివినట్టు చదివాడు. గొంతు పెంచడు, పెదవి కదలనియ్యడు. నేను ప్రయత్నించి మధ్యలో నవ్వేస్తే పుస్తకం లాక్కున్నాడు. "నువ్వు నవ్వగూడదు రా. నవ్వేది ఇనేవాళ్ళ పని."

టోపీ దగ్గర అమ్మ పొట్ట పట్టుకుని, "కుట్లు లాగుతాండాయి, సాలించప్పా" అంది. పక్క మంచమామె మాత్రం ఆపనియ్యలేదు.

పన్నెండో రోజు ఇంటికి తెచ్చేటప్పటికి పుస్తకం ఇంకా సగంలోనే ఉంది. ఆటోలో కమలాపురం దారి పట్టగానే అమ్మ అడిగింది, "ఆ టోపీ పిల్లోడు దొరల దేశం చేరినాడా, ల్యాదా?"