అదనపు మార్పులకు ధర చెప్పే మెయిల్

యానిమేషన్‌లో మార్పు ఎంత చిన్నదన్నది కాదు, ఏ దశలో అడిగారన్నదే ఖర్చు తేలుస్తుంది. స్టోరీబోర్డులో పాత్రను కుడి నుంచి ఎడమకు జరపడం నాలుగు గీతల పని. కదలికలు పూర్తయ్యాక అదే అడిగితే షాట్ మొత్తం మళ్లీ చేయాలి. అందుకే స్క్రిప్టు, స్టోరీబోర్డు, యానిమాటిక్, యానిమేషన్ అంటూ దశల వారీగా క్లయింట్ చేత ఓకే చేయించుకుంటారు. ఒక్కో దశలో ఇన్ని విడతల మార్పులు ధరలోనే కలిసి ఉంటాయని ముందే రాసుకుంటారు. అదనంగా డబ్బు అడిగే మెయిల్‌కు బలం ఆ రాతే.

ఉదాహరణకు, ఒక ఫ్రీలాన్సర్ పళ్ల డాక్టరు గారికి నిమిషం వీడియో చేస్తున్నాడనుకుందాం. యానిమాటిక్ ఓకే అయింది, గొంతు రికార్డయింది, బొమ్మ కదిలింది. అప్పుడు డాక్టరు గారు ‘ఒక్క వాక్యమే కదా, మార్చేయండి’ అన్నారు. పాత వాక్యం 5 సెకన్లు, కొత్తది 7. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా 7 సెకన్లకు 84 నోటి బొమ్మలు చూసుకోవాలి. ఆ తర్వాతి షాట్లన్నీ 2 సెకన్లు వెనక్కి జరుగుతాయి, సంగీతం మళ్లీ కత్తిరించాలి.

మెయిల్ ఇలా ఉండొచ్చు:

“నమస్కారం డాక్టర్ గారూ. మీరు చెప్పిన వాక్యం తప్పకుండా మార్చవచ్చు. యానిమాటిక్‌లో ఓకే చేసిన వాక్యాన్ని ఇప్పుడు మారుస్తున్నాం కాబట్టి, ఇది మన ఒప్పందంలోని మార్పుల్లోకి రాదు; పైగా పాతదాని కంటే 2 సెకన్లు ఎక్కువ. మూడు దారులున్నాయి. కొత్త వాక్యం యథాతథంగా పెడితే రెండు రోజుల పని, రూ. 8,000. దాన్ని 5 సెకన్లకు కుదిస్తే బొమ్మల్లో పెదాలు మాత్రమే మార్చాలి, రూ. 3,000. గొంతు అలాగే ఉంచి కొత్త విషయాన్ని తెరపై అక్షరాల్లో చూపిస్తే అదనంగా ఏమీ ఉండదు. ఏది కావాలో ఈ మెయిల్‌కే జవాబివ్వండి, వెంటనే మొదలుపెడతాను.”

ఇందులో ‘మీరు ముందే చెప్పాల్సింది’ అన్న నిష్ఠూరం లేదు, ‘ఏమనుకోకండి’ అన్న బతిమాలడం లేదు. డబ్బు ఏ పనికో కనిపిస్తోంది. ఖర్చు లేని దారి కూడా ఉంది కాబట్టి బేరం మొదలవ్వదు, ఎంపిక మొదలవుతుంది. క్లయింట్ రెండోదో మూడోదో ఎంచుకోవచ్చు.

అయితే ఈ మెయిల్ అన్నిచోట్లా చెల్లదు. స్క్రిప్టులో ఉన్న మాటనే యానిమేటర్ వదిలేసి ఉంటే అది తప్పు దిద్దడం; దానికి ధర అడగకూడదు. ఒప్పందంలో విడతల సంఖ్యే లేకపోతే, జరిగిన మార్పులకు వెనక నుంచి బిల్లు వేయడం గొడవకే దారి. ఇకముందు మార్పులకు లెక్క ఇదీ అని చెప్పడమే మిగులుతుంది. పని ముగించాక పంపినా అంతే. మెయిల్ ముందు వెళ్లాలి, జవాబు వచ్చాకే ఆ షాట్ ఫైల్ తెరవాలి.